అంచు కలిసిన జంట

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో పాలకోడు, దాని చుట్టుపట్ల ఊళ్ళలో, ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇటువంటి ఇళ్ళలో ఇంటిపెద్ద యాభయ్యో పుట్టినరోజునో, పెద్దవాళ్ళ పెళ్ళికి యాభై ఏళ్ళు నిండిన రోజునో పురస్కరించుకొని బంధుమిత్రులను పిలిచి రాత్రి విందు ఏర్పాటు చేసినప్పుడు, ఆ దంపతులు ఏమి కట్టుకోవాలన్న ప్రశ్నకు సంప్రదాయం నుంచి సిద్ధంగా జవాబు దొరకదు. షష్టిపూర్తి, అంటే అరవై ఏళ్ళు నిండినప్పుడు దంపతులకు జరిపించే శాంతికర్మ, అయితే ఏ బట్ట ఎప్పుడు కట్టాలో పురోహితుడే చెబుతాడు. పెళ్ళి అయితే ఇరువైపుల పెద్దలు చెబుతారు. యాభై ఏళ్ళ విందుకు అలా చెప్పేవారు లేరు కనుక, ఇద్దరూ కూర్చొని తామే నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఆ నిర్ణయం చాలా ఇళ్ళలో చివరి వారంలో, దుకాణంలో, విడివిడిగా జరుగుతుంది. ఆమె చీర ఆమెకు బాగుంటుంది, ఆయన పంచె ఆయనకు బాగుంటుంది, పక్కపక్కన నిలబడితే మాత్రం ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి.

దంపతులు ఒకరికొకరు పొందికగా కనిపించే పద్ధతి తెలుగువారికి కొత్తదేమీ కాదు. పెళ్ళిలో వధూవరులు కట్టే మధుపర్కాలు, అంటే ఎర్రని లేదా పసుపు అంచు గల తెల్లని చీర, పంచెల జత, ఆ పద్ధతికి అత్యంత స్పష్టమైన నమూనా. అందులో ఇద్దరి బట్టల పొడవు వేరు, కట్టు వేరు, శరీరంపై వాటి అమరిక పూర్తిగా వేరు. అయినా మండపంలో ఎంత దూరాన కూర్చున్నవారికైనా వీరిద్దరూ ఒక జంట అని తెలిసిపోతుంది. దానికి ప్రధాన కారణం ఆ అంచు. తెల్లని నేత మీద రంగు గీతలా సాగే ఆ అంచును కన్ను ఒకరి నుంచి మరొకరి దాకా అనుసరిస్తుంది. నేత మధ్య భాగాన్ని కాక అంచును కలపాలన్నదే మధుపర్కాలు నేర్పే సూత్రం, యాభై ఏళ్ళ విందుకు కూడా ఇంతకంటే మెరుగైన సూత్రం కనబడదు.

ఇప్పుడు దుకాణాల్లో దంపతుల జత పేరుతో చీర, చొక్కా రెండూ ఒకే రంగులో, కొన్నిసార్లు ఒకే గుడ్డతో కుట్టి అమ్ముతున్నారు. అవి కొనడం సులభమే గాని, ఫలితం ఆశించినట్టు రాదు. ఆరు మీటర్ల చీరలో కుచ్చిళ్ళుగా, కొంగుగా విరిగి వెలుగునీడలు పుట్టించే రంగు, మగవారి చొక్కాలో చదునుగా పరుచుకొని మరో రంగులా కనిపిస్తుంది. చీర కోసం వేసిన పెద్ద మామిడిపిందెల బుటా చొక్కా జేబు దగ్గర సగానికి తెగిపోతుంది. ఇద్దరూ దగ్గరగా నిలబడి ఫోటో తీయించుకుంటే రెండు ఆకారాల మధ్య గీత కలిసిపోయి, ఒక పెద్ద రంగు ముద్దలోంచి రెండు ముఖాలు బయటికి వచ్చినట్టుంటుంది. ఇరవైల్లో ఉన్న జంట దీన్ని సరదాగా చేస్తే చెల్లుతుంది. యాభై దాటినవారికి హుందాతనం కావాలంటే రంగులు వేరుగా ఉండి, అంచు, జరీ, బట్ట జాతి, ఈ మూడూ కలవాలి.

బట్ట జాతి కలవడం అంటే ఆమె పట్టు కడితే ఆయనా పట్టు కట్టడం, ఆమె నూలు కడితే ఆయనా నూలు కట్టడం. పట్టు తనపై పడిన వెలుగును మృదువుగా తిప్పి పంపుతుంది, నూలు ఆ వెలుగును చాలావరకు చెదరగొడుతుంది. పక్కపక్కన ఉంచితే నూలు ఎంత ఖరీదైనదైనా వెలవెలబోతుంది. పాలకోడు వారికి పట్టు దూరపు వస్తువు కాదు. ధర్మపురి జిల్లాలో రైతులు మల్బరీ ఆకు పెంచి పురుగులను సాకుతారు. ధర్మపురిలోని ప్రభుత్వ పట్టుగూళ్ళ అంగడిలో ఆ గూళ్ళను వేలం వేస్తారు. జిల్లాకు దక్షిణాన ఉన్న సేలం తెల్లపట్టు పంచెలకు పేరుపొందింది. తమిళంలో వెణ్‌పట్టు, అంటే తెల్లపట్టు, అని పిలిచే ఈ నేతకు భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు వస్తువుగా చట్టరీత్యా నమోదైన హోదా, ఉంది. చీర కాంచీపురానిది, పంచె సేలానిది కావడం ఈ ప్రాంతపు మధ్యతరగతి ఇంట సహజమైన జత. అందుకే ఇక్కడ ఆ జతనే తీసుకొని, ఒక ఉదాహరణగా, భర్త యాభయ్యో పుట్టినరోజు విందుకు ఒక జంట ఎలా సిద్ధం కావచ్చో వివరంగా చూడడం ఉపయోగకరం.

వారికి పెళ్ళై పాతికేళ్ళు అనుకుంటే, బీరువాలో ఆనాటి ముహూర్తపు పట్టుచీర ఉండే ఉంటుంది. అది నెమలికంఠం రంగు నేత, లక్క ఎరుపు అంచు గల కాంచీపురం చీర అనుకోవచ్చు. ఆ ఎరుపునే తమిళంలో అరక్కు అంటారు. నెమలికంఠం అన్నది ఒకే అద్దకంతో వచ్చే రంగు కాదు. నిలువుగా సాగే పడుగు దారం నీలంగా, అడ్డంగా సాగే పేక దారం పచ్చగా ఉండటం వల్ల, మనిషి కదిలినప్పుడల్లా ఒకసారి నీలం, ఒకసారి పచ్చ పైకి తేలుతాయి. ఇక అంచు. కాంచీపురం నేతలో మధ్యభాగానికీ అంచుకూ వేర్వేరు నాడెలు వాడి, ప్రతి వరుసలోనూ రెండు రంగుల పేకలను ఒకదానిలో ఒకటి మెలిపెట్టి నేస్తారు. దీన్ని కొర్వై అంటారు. ఇందుకు మగ్గం మీద ఇద్దరు మనుషులు కావలసి వస్తుంది. అంచు మధ్యభాగాన్ని కలిసే చోట సన్నని రంపపు పళ్ళలాంటి గీత కనిపిస్తే అది కొర్వై నేత. కొంగు మొదలయ్యే చోట పాత పడుగు దారాలకు కొత్త రంగు పడుగు దారాలను మెలివేసి కలుపుతారు. దీని పేరు పేట్ని. వేలితో తడిమితే అక్కడ సన్నని గట్టు తగులుతుంది. ఈ నిర్మాణం వల్లనే అంచు మధ్యభాగపు రంగుతో ఏమాత్రం కలవకుండా శుద్ధంగా నిలుస్తుంది, జంట పొందికకు కాంచీపురం చీర అనుకూలంగా ఉండటానికి ముఖ్య కారణం కూడా ఇదే.

అయితే పాత చీర కట్టాలని నిర్ణయించే ముందు అది కట్టదగిన స్థితిలో ఉందో లేదో తేల్చుకోవాలి, ఈ పని విందుకు కనీసం నెల ముందే జరగాలి. చీరను నీడపట్టున, గాలి ఆడే చోట పూర్తిగా విప్పి, ఇద్దరు చెరో కొస పట్టుకొని కిటికీ వెలుగుకు ఎదురుగా ఎత్తి చూడాలి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న చీరలో ఆ మడత గీత వెంబడి వెలుగు సూదిమొనలంత చుక్కలుగా బయటికి వస్తే అక్కడ పట్టుదారం తెగడం మొదలైందని అర్థం. ఆ చోటు కొంగులోనో, లోపలి చుట్టులోనో ఉంటే చీర కట్టవచ్చు. నడుము దగ్గర కుచ్చిళ్ళు దోపే చోట ఉంటే, కూర్చొని లేచేటప్పుడు పడే లాగుడుకు అది విందు మధ్యలోనే చీలిపోయే ప్రమాదం ఉంది. చిన్న చీలికలైతే రఫూ చేసేవారు వెనుక సన్నని వల గుడ్డ వేసి కుట్టి నిలబెడతారు. మడత అంతటా దారం పొడిపొడిగా విరుగుతుంటే మాత్రం ఆ చీరను గౌరవంగా పెట్టెలో ఉంచి, వేరొకటి ఎంచుకోవడమే మంచిది. ఇస్త్రీతో పాత మడతలు పోతాయన్న ఆశతో బాగా వేడిచేసి రుద్దడం ఈ దశలో జరిగే పెద్ద పొరపాటు. చీరను తిరగేసి, పైన పలుచని నూలు గుడ్డ పరచి, పట్టుకు చెప్పిన తక్కువ వేడిలోనే చేయాలి. జరీ మీద ఇస్త్రీపెట్టె నిలిపి ఉంచకూడదు.

తరువాత జరీ సంగతి. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నగా సాగదీసిన వెండి తీగను చుట్టి, దానికి బంగారు పూత పూసినది. ఆ పూత కాలంతో పలచబడి, లోపలి వెండి బయటపడి, చెమట, అత్తరు, గాలిలోని గంధకపు వాయువుల వల్ల నల్లబారుతుంది. పాతికేళ్ళ చీరలోని జరీ పచ్చగా మెరవక, కాస్త మబ్బు కమ్మిన బంగారంలా ఉండటానికి ఇదే కారణం. ఈనాడు తక్కువ ధరలో దొరికే పంచెల్లో, చీరల్లో వాడే జరీలో చాలా భాగం ప్లాస్టిక్ పొరకు లోహపు మెరుపు ఎక్కించి చేసినది. అది నిమ్మపండు పసుపుతో తళతళలాడుతుంది, అసలు జరీలా నల్లబారదు. ఈ రెండు జరీలు పక్కపక్కన పడితే పాతది మురికిగా, కొత్తది చవకగా కనిపిస్తుంది, రెండింటి గౌరవమూ పోతుంది. అంచుల రంగు కలిసినా జంట పొందిక కుదరకపోవడానికి తరచుగా ఇదే కారణం, కాని ఇది దుకాణంలో ఎవరికీ తట్టదు. అందుకని పంచె కొనడానికి వెళ్ళేటప్పుడు చీరను వెంట తీసుకువెళ్ళి, రెండు జరీలనూ దుకాణం బయట పగటి వెలుతురులో ఆనించి చూడటం తప్పనిసరి. కొత్త జరీ నిజమైనదో కాదో తెలుసుకోవడానికి, లోపలి కొసన వేలాడే ఒక పోగును గోటితో గీకి చూస్తారు. సాధారణంగా అసలు జరీలో లోపల ఎర్ర పట్టుదారం బయటపడుతుంది. పట్టు విషయంలో కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004 నుంచి అమలులో ఉన్న సిల్క్ మార్క్ చీటీ ఉందేమో చూడవచ్చు. కాని ఆ చీటీ పట్టు స్వచ్ఛతకే గుర్తు, జరీకి కాదు.

జాకెట్టు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు గాని, చీర ఖాయమయ్యాక అన్నిటికంటే ముందు చేయవలసిన పని అదే. పాతికేళ్ళనాటి జాకెట్టు లోపల దర్జీ వదిలిన గుడ్డ విప్పినా, ప్రక్క కుట్లు వదులవుతాయే తప్ప చంక చుట్టుకొలత పెద్దగా పెరగదు; చెయ్యి పైకెత్తలేని జాకెట్టుతో వడ్డనకు నిలబడటం, అక్షింతలు వేయడం కష్టం. చీరతో వచ్చిన జాకెట్టు గుడ్డ ఎప్పుడో వాడేసి ఉంటారు కనుక, చీర అంచులోని లక్క ఎరుపుకు దగ్గరగా ఉన్న పట్టు గుడ్డతో కొత్తది కుట్టించడం మేలు. నీలంపచ్చని నేత రంగులో జాకెట్టు వెతికితే ఆ రెండు రంగుల దాగుడుమూతలకు సరిపోయే గుడ్డ దొరకదు. అంచు రంగు అయితే దొరుకుతుంది, పైగా ఎరుపు భుజం మీదికి ఎక్కి, ఆయన ఉత్తరీయపు అంచుతో కలుస్తుంది.

పంచె కొలతలను ఈ ప్రాంతంలో మూరల్లో చెబుతారు. మూర అంటే మోచేతి నుంచి మధ్యవేలి కొస వరకు, దాదాపు పద్దెనిమిది అంగుళాలు. నాలుగు మూరలది ఒంటిపొర పంచె. ఎనిమిది మూరలది రెండు పొరలుగా మడిచి నడుముకు చుట్టేది. తొమ్మిది మూరల పంచె, అయిదు మూరల ఉత్తరీయం కలిపిన జత గోచీ పోసి కట్టే పంచకచ్ఛానికి, ఇంకా ఎత్తైనవారికి పది, ఆరు మూరల జత. విందుకు ఒంటిపొర పనికిరాదు. దీపాల వెలుగు వెనుక నుంచి పడినప్పుడు లోపలి నీడ తెలుస్తుంది. తెలుగు ఇళ్ళలో కొన్నిటికి గోచీ కట్టు అలవాటు, మరికొన్ని ఇళ్ళు తరతరాలుగా తమిళ పద్ధతిలో అడ్డంగా చుట్టడానికే అలవాటుపడ్డాయి. ఇందులో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనడానికి లేదు. అయితే పొందిక దృష్టితో ఒక తేడా ఉంది. గోచీ కట్టులో ముందు కుచ్చిళ్ళు వస్తాయి, అవి చీర కుచ్చిళ్ళకు జోడుగా కనిపిస్తాయి. అడ్డ కట్టులో అంచు ఒక పక్కగా నిలువుగా దిగి, పాదాల దగ్గర అడ్డంగా సాగుతుంది, చీర కింది అంచుతో సమాంతరంగా నిలుస్తుంది. అలవాటు లేని కట్టును ఆ ఒక్క రాత్రి కోసం ప్రయత్నించడం మాత్రం తగదు, ఎందుకంటే పంచె సర్దుకుంటూ నిలబడే మనిషి ఏ ఫోటోలోనూ నిబ్బరంగా కనిపించడు.

పంచె అంచు ఎంత వెడల్పు ఉండాలన్నది తరువాతి నిర్ణయం. చీర అంచు అయిదంగుళాలు ఉంటే ఆయన పంచె అంచు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు ఉంటే చాలు. సమానంగా ఉంటే తెల్లని పంచె మీద ఆ అంచు చీర అంచుకంటే పెద్దదిగా కనిపిస్తుంది, ఎందుకంటే చుట్టూ ముదురు రంగు లేదు. అర అంగుళం మాత్రమే ఉంటే దూరానికి కనిపించదు, కలిపిన ప్రయోజనం దక్కదు. లక్క ఎరుపు పట్టీ, దాని మీద జరీ గీత ఉన్న అంచు ఈ చీరకు సరిగ్గా అమరుతుంది. ఉత్తరీయానికి కూడా అదే అంచు ఉన్న జతనే తీసుకోవాలి.

ఇక తెలుపు. పట్టు పంచెను తెల్లపట్టు అన్నా, అది నిజానికి పాలమీగడ రంగు. నూలు చొక్కాల తెలుపు వేరు. ఆ గుడ్డలకు వెలుగును నీలంగా తిప్పే రసాయనం పూసి ఉంటుంది, ఇంట్లో వాడే సబ్బు పొడుల్లోనూ అదే ఉంటుంది. అందువల్ల అంగడిలో తళతళలాడిన తెల్ల నూలు చొక్కా పట్టు పంచె పైన వేస్తే, పంచె పాతబడి పసుపెక్కినట్టు కనిపిస్తుంది, పగటి వెలుగులో ఈ తేడా మరీ ఎక్కువ. దీనికి పరిష్కారం పంచెతో పాటు అదే మీగడ రంగు పట్టు గుడ్డ తీసుకొని చొక్కా కుట్టించడం, లేదా గంధం రంగు చొక్కా వేయడం. చొక్కాను లక్క ఎరుపులో కుట్టిస్తే కలుస్తుంది కదా అనిపిస్తుంది. కాని అప్పుడు ఎరుపు అంచుగా ఉండక ఆకారమంతా పరచుకొని, చీరలోని నీలంపచ్చతో పోటీకి దిగుతుంది. ఎరుపు ఆయన బట్టల్లో ఉత్తరీయం అంచున, పంచె అంచున, ఈ రెండు చోట్లే ఉండాలి.

పంచె కట్టడం ఇష్టంలేని వారు, విందు పెద్ద హోటల్లో అయితే, చీర రంగుల్లో ముదురు నీలాన్ని తీసుకొని మెడ మూసిన కోటు కుట్టించుకోవచ్చు. అప్పుడు అంచు కలిపే అవకాశం పోతుంది గనుక, కోటు గుండీలు చీర జరీ ఛాయలో ఉండేట్టు చూస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

ఇద్దరూ ఎటువైపు నిలబడతారన్నది బట్టల ఎంపికతో ముడిపడి ఉన్న విషయం, దీన్ని సాధారణంగా ఎవరూ ఆలోచించరు. ఆనవాయితీగా భార్య భర్తకు ఎడమవైపు నిలుస్తుంది. పైటకొంగు ఆమె ఎడమ భుజం మీద ఉంటుంది గనుక, చీరలో అత్యంత అందమైన భాగం జంటకు వెలుపలి అంచున పడుతుంది. ఆయన ఉత్తరీయం కూడా ఎడమ భుజం మీదే ఉంటుంది గనుక, అది జంట మధ్యలో, ఆమె కుడివైపును ఆనుకొని నిలుస్తుంది. అంటే ఇద్దరి మధ్య కలిసేవి ఆయన ఉత్తరీయపు ఎర్ర అంచు, ఆమె ఎర్ర జాకెట్టు కుడిచెయ్యి, దాని కిందుగా అడ్డంగా పోయే నీలంపచ్చని నేత. జాకెట్టును అంచు రంగులో కుట్టించడం వల్ల కలిగే లాభం ఇక్కడ తేటతెల్లమవుతుంది. ఆ రెండు ఎరుపులూ ఒకదాని పక్కన ఒకటి పడి జంటను కలుపుతాయి, కొంగు వెలుపలి వైపు ఒంటరిగా మెరుస్తూ ఆ అమరికను ముగిస్తుంది. జాకెట్టు వేరే రంగుది అయితే ఉత్తరీయపు అంచుకు పక్కన తోడు లేక, కింది అంచుల దాకా కన్ను వెతుక్కుంటూ పోవాలి. ఫోటోలు తీసేవారు కొందరు కొంగు లోపలికి వచ్చేట్టు భార్యను కుడివైపుకు మార్చమంటారు. ఒక ఫోటోకు అలా మారినా నష్టం లేదు, ప్రధాన ఫోటోకు ఆనవాయితీనే పాటించడం మేలు.

విందులో ఎక్కువ సేపు ఇద్దరూ కూర్చొనే ఉంటారు. బల్ల ముందు కూర్చున్నాక పంచె అంచూ కుచ్చిళ్ళూ బల్ల కిందికి వెళ్ళిపోయి, కనిపించేది నడుము పైభాగమే. అందువల్ల ఉత్తరీయాన్ని తీసి కుర్చీకి తగిలించే అలవాటు ఉంటే, ఇంత శ్రద్ధగా కలిపిన అంచు ఆ క్షణమే మాయమవుతుంది. దాన్ని నిలువుగా నాలుగు అంగుళాల వెడల్పు వచ్చేట్టు మడిచి, అంచు బయటికి ఉండేట్టు భుజాన వేసి, చొక్కా భుజం కుట్టుకు లోపలి నుంచి ఒక చిన్న పిన్నీసు పెడితే, ఆకు మీదికి వంగినప్పుడు అది జారి సాంబారులో పడదు. ఆమె కొంగును కూడా వదులుగా వేయకుండా మడతలు పెట్టి భుజాన పిన్నీసుతో నిలపాలి. బరువైన జరీ కొంగు జాకెట్టు భుజాన్ని వెనక్కి లాగుతుంది కనుక, పిన్నీసును ఒక్క పొరకు కాక మడతలన్నిటికీ కలిపి, భుజం కుట్టుకు కాస్త వెనుకగా గుచ్చాలి. పట్టులో పిన్నీసు రంధ్రం నిలిచిపోతుంది, అందువల్ల పదేపదే తీసి పెట్టకూడదు.

కట్టు ఎత్తు విషయంలో చిన్న చిక్కు ఉంది. కల్యాణ మండపంలోనో, ఇంటి మేడ మీదనో విందు అయితే చెప్పులు బయటే విడుస్తారు. హోటల్లో అయితే వేసుకొనే ఉంటారు. రెండంగుళాల మడమ చెప్పులు వేసుకొని కట్టిన చీర, చెప్పులు విడిచాక నేల మీద ఈడ్చుకుపోయి అంచు మాస్తుంది. ఉత్త కాళ్ళతో కట్టినది చెప్పులతో పొట్టిగా కనిపిస్తుంది. చీర పాదం పైభాగాన్ని తాకి, పంచె చీలమండను కప్పి నేలకు అంగుళం పైన నిలిస్తే రెండు అంచులూ దాదాపు ఒకే ఎత్తున వస్తాయి. ఇద్దరూ ఒకేసారి, ఆ రోజు ఎలా నిలబడతారో అలాగే, నిలువుటద్దం ముందు ఒకసారి కట్టి చూసుకుంటేనే ఇది తేలుతుంది. ఈ సాధన విందుకు వారం ముందు, రాత్రిపూట, ఇంటి దీపాల వెలుగులో చేస్తే జరీ, తెలుపు ఆ వెలుగులో ఎలా కనిపిస్తాయో కూడా తెలుస్తుంది.

పంచెతో పెద్ద హోటళ్ళకు, క్లబ్బులకు వెళ్ళడానికి కొందరు జంకుతారు. 2014లో చెన్నైలో ఒక క్లబ్బులో జరిగిన పుస్తకావిష్కరణకు పంచె కట్టుకొని వెళ్ళిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి అనుమతించకపోవడంతో రాష్ట్రమంతటా నిరసన వెల్లువెత్తింది. అదే సంవత్సరం తమిళనాడు శాసనసభ, పంచె కట్టుకున్న కారణంగా బహిరంగ స్థలాల్లోకి ప్రవేశం నిరాకరించకూడదని చట్టం చేసింది. అయితే ఆ చట్టం తమిళనాడు వరకే వర్తిస్తుంది. పాలకోడు వారు బెంగళూరులో విందు ఏర్పాటు చేసుకోవడం కూడా ఉంది కనుక, అటువంటప్పుడు బల్ల రిజర్వు చేసే సమయంలోనే హోటల్ వారిని అడిగి తెలుసుకోవడం ఉచితం.

విందులో పసుపు మరక పడటం దాదాపు అనివార్యం. పడిన వెంటనే నీళ్ళతో, సబ్బుతో రుద్దడం అందరూ చేసే పని. పసుపు సబ్బులోని క్షారానికి తగిలి ఎర్రబడుతుంది, ఆ క్షారమే పట్టును కూడా దెబ్బతీస్తుంది, రుద్దిన చోట నేత గరుకుబారి మెరుపు పోతుంది. పొడి నూలు గుడ్డనో, కాగితపు తువ్వాలునో మరక మీద అద్ది, రుద్దకుండా తడిని పీల్చనివ్వాలి. నూనె మరకైతే కాస్త టాల్కం పొడి చల్లి వదిలేయాలి. మిగతాది మర్నాడు పట్టుబట్టల డ్రై క్లీనింగ్ చేసేవారి పని, వారికి అది పసుపు మరక అని తప్పకుండా చెప్పాలి.

విందు ముగిసిన రాత్రే చీరను, పంచెను బీరువాలో పెట్టకూడదు. చెమట తడి ఆరేదాకా ఒక పూట నీడలో ఆరవేసి, పాత మడతల మీద కాక కొత్త చోట్ల మడిచి, తెల్లని నూలు గుడ్డలో చుట్టి ఉంచాలి. నాఫ్తలీన్ గోళీలను జరీకి తగిలేట్టు వేయకూడదు, ప్లాస్టిక్ సంచిలో బిగించకూడదు. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి. యాభై ఏళ్ళ విందు ఈ ఏడాదిలోనో, వచ్చే ఏడాదిలోనో ఉన్న దంపతులు కొత్త బట్టల కోసం ధర్మపురికో, సేలానికో బయలుదేరే ముందు, ఆ పాత ముహూర్తపు చీరను ఈ ఆదివారమే బయటికి తీసి, విప్పి, వెలుగుకు పట్టి చూడాలని, అది నిలిచి ఉంటే పంచెను దాని అంచును బట్టే ఎంచుకోవాలని మనవి.